‘వేదన’కూ ‘గుండెనొప్పి’కీ మధ్య: ఒక ఆరోగ్య ప్రశ్న తెలుగు అనువాదంపై విమర్శ

ఇంగ్లీషు ‘పెయిన్’ అనే మాటకు తెలుగు ఏమిటని వెతికితే ముందుగా మూడు మాటలు ఎదురవుతాయి: నొప్పి, బాధ, వేదన. అనువాదకుడు వీటిలో ఒకదాన్ని ఎంచుకొని ముందుకు సాగుతాడు. కథలోనో కవితలోనో ఆ ఎంపిక కాస్త అటూ ఇటూ అయినా పాఠకుడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. కాని ఆ మాట ఒక ఆరోగ్య సర్వే ప్రశ్నలో ఉండి, ‘అవును’ అన్నవారినే తరువాతి ప్రశ్నలు అడిగే ఏర్పాటు ఉన్నప్పుడు సర్దుబాటుకు చోటు లేదు. విన్నవారు ‘లేదు’ అంటే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. ఆ ‘లేదు’ జబ్బు లేనందువల్ల వచ్చిందా, మాట అందనందువల్ల వచ్చిందా అన్నది నింపిన కాగితం చూసి ఎవరూ చెప్పలేరు. గ్రాంథికమా, వ్యావహారికమా అని తెలుగు పండితలోకం నూరేళ్లకు పైగా వాదించుకుంది. ఆ వాదంలోని రెండు పక్షాలూ ఈ చిన్న ప్రశ్న ముందు ఓడిపోతాయి. ఓడిపోవడానికి కారణం వాటి సమాధానాల్లో లేదు. అవి అడుగుతున్న ప్రశ్నలోనే ఉంది.

ఉదాహరణగా తీసుకోదగిన పాఠం ఒకటున్నది. గుండె జబ్బులో ఒక రకానికి వైద్యులు ఆంజైనా అని పేరు పెట్టారు. నడక, మెట్లెక్కడం వంటి శ్రమ కలిగినప్పుడు గుండె కండరానికి చాలినంత రక్తం అందక ఛాతీలో ఒక రకమైన ఇబ్బంది పుట్టడం, ఆగి నిలబడితే తగ్గిపోవడం దాని లక్షణం. ఊళ్లో ఎంతమందికి ఇది ఉన్నదో తెలుసుకోవడానికి ప్రతి ఇంటికీ వైద్యుడిని పంపడం సాధ్యం కాదు. అందుకని బ్రిటిష్ వైద్య పరిశోధకులు జెఫ్రీ రోజ్ ఒక ప్రశ్నావళిని రూపొందించి 1962లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించారు. ఛాతీలో ఎప్పుడైనా ‘పెయిన్’ గానీ ఇబ్బంది గానీ కలిగిందా అన్నది అందులో మొదటి అడుగు. కలిగిందంటే, ఎత్తు ఎక్కేటప్పుడో వడిగా నడిచేటప్పుడో వస్తుందా, వస్తే ఆగుతారా, వేగం తగ్గిస్తారా, ఆగితే తగ్గిపోతుందా, 10 నిమిషాల లోపే తగ్గుతుందా, ఎక్కడ వచ్చిందో చూపగలరా అని వరుసగా అడుగుతారు. గుర్తుంచుకోవలసిన సంగతి ఒక్కటే: మొదటి ద్వారం దాటనివారిని మిగిలిన ప్రశ్నలేవీ అడగరు. ఆ ద్వారానికి గడియ ‘పెయిన్’ అనే ఒక్క మాట.

పుస్తక భాషకు అలవాటుపడిన అనువాదకుడు ఈ మొదటి ప్రశ్నను రమారమి ఇలా రాస్తాడు: “మీరు ఎప్పుడైనా ఛాతీ భాగంలో వేదన గానీ అసౌకర్యం గానీ అనుభవించారా?” ఈ వాక్యాన్ని గ్రాంథికమని ఎవరూ అనలేరు. ‘అనుభవించితిరా’ అని లేదు. క్రియారూపం శుభ్రమైన ఆధునిక తెలుగు. గిడుగు రామమూర్తి పంతులు కోరిన సంస్కరణ ఈ వాక్యంలో పూర్తిగా అమలయినట్టే కనిపిస్తుంది. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని తమ గ్రంథానికి పేరు పెట్టి పండితులను వైద్యులుగా ఎత్తిపొడిచిన ఆయన, ఈనాటి నిజమైన వైద్యపు కాగితాల భాషను చూసి ఉంటే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు. వ్యావహారికోద్యమం గెలిచింది, కాని ఆ గెలుపు ప్రధానంగా విభక్తులలోనూ క్రియాంతాలలోనూ కనిపిస్తుంది. నామపదాల ఎంపిక చాలావరకు పాత అలవాటులోనే మిగిలింది. ‘చేసెను’ పోయి ‘చేశాడు’ వచ్చినంత మాత్రాన వాక్యం జనం వాక్యమైపోదు.

ఇక ‘వేదన’ సంగతి. సంస్కృతంలో ఇది ‘విద్’ ధాతువు నుంచి పుట్టినది. ఎరుక, అనుభూతి దాని మూలార్థం. శరీరానికి కలిగే బాధను చెప్పడానికి వైద్యశాస్త్ర గ్రంథాలు ఆ మాటను వాడాయి. ఆ శాస్త్రగౌరవాన్ని చూసే నేటి అనువాదకుడు దానిని ఎంచుకుంటున్నాడు. కాని తెలుగులో ఆ మాట ఎటు ప్రయాణించిందో అతడు చూడడు. మనోవేదన, ఆవేదన, వేదన చెందడం వంటి ప్రయోగాలన్నీ మనసువైపే ఒరిగాయి. శరీరానికి సంబంధించి మిగిలిన ‘ప్రసవవేదన’ కూడా పుస్తకాలలోదే. కాన్పు గదిలోని మనిషికి వచ్చేవి ‘నొప్పులు’. కాలిలో ముల్లు దిగినవాడు వేదన కలుగుతోందని అనడు. అంటే అతడు హాస్యమాడుతున్నాడని అనుకోవాలి. కనుక ఛాతీలో వేదన ఉందా అని ఒక పెద్దామెను అడిగితే, ఆమెకు ఆ మాట తెలియకపోతే ఒక చిక్కు, తెలిస్తే మరింత చిక్కు. తెలిసిన పక్షంలో ఆమె అప్పులను గురించో, చెప్పకుండా వెళ్లిపోయిన కొడుకును గురించో ఆలోచిస్తుంది. ‘అసౌకర్యం’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రైలు ఆలస్యమైనప్పుడు కలిగే అసౌకర్యానికి చింతిస్తున్నామని స్టేషనులో వినిపించే ప్రకటనే ఆ మాటకు ప్రజల చెవిలో ఉన్న ఇల్లు. అది గుండెల్లో ఉండదు.

ఇక్కడ రెండవ పక్షం ఉత్సాహంగా ముందుకు వస్తుంది: సంస్కృతపు మాటలు వదిలి అచ్చతెలుగు వాడితే సరిపోతుందని. ఈ సలహాలో ఒక పొరపాటున్నది. పుస్తక పదాలకూ వాడుక పదాలకూ మధ్యనున్న గీత, తత్సమాలకూ దేశ్యాలకూ మధ్యనున్న గీత ఒకటి కావు. ‘బాధ’ కూడా సంస్కృత పదమే. అయినా బడి మొహం చూడనివారి నోట అప్పుల బాధ, దోమల బాధ, పంటి బాధ అని అది నిత్యం పలుకుతూనే ఉన్నది. అయితే పెయిన్‌కు ‘బాధ’ పెడితే తీరిపోతుందా అంటే అదీ లేదు. ఆ మాట పక్కనున్న అవయవాన్ని బట్టి అర్థం మార్చుకుంటుంది. ‘కడుపులో బాధగా ఉంది’ అంటే వినేవారు వాము కోసం చూస్తారు. ‘గుండెల్లో బాధగా ఉంది’ అంటే ఏం జరిగిందని ఓదార్చబోతారు. ఒకే పదం, ఒకే వాక్యనిర్మాణం; కడుపుతో చేరితే శరీరానిది, గుండెతో చేరితే మనసుది. ఈ భేదం పదాన్ని విడిగా చూసినప్పుడు కనబడదు.

మిగిలినది ‘నొప్పి’. ఇది ద్రావిడ పదం. తమిళంలో ‘నోయ్’, కన్నడంలో ‘నోవు’ దీని తోబుట్టువులు. ఇంతకన్న వాడుక పదం లేదని నమ్మి, వ్యావహారికాభిమాని ప్రశ్నను ఇలా కుదిస్తాడు: “మీకెప్పుడైనా గుండెనొప్పి వచ్చిందా?” చిన్నగా, తేటగా, వినసొంపుగా ఉంది. అనువాదం అనిపించదు. సహజత్వమే కొలబద్ద అయితే దీనికి మొదటి బహుమతి ఇవ్వాలి. అయినా మూడింటిలో అత్యంత ప్రమాదకరమైన పాఠం ఇదే. తలనొప్పి, కడుపునొప్పి, నడుమునొప్పి శరీరంలో కలిగే అనుభవాల పేర్లు. ‘గుండెనొప్పి’ సమాసం చూడడానికి అలాగే ఉన్నా అది వాడుకలో ఒక ఘటన పేరు. ‘గుండెనొప్పి వచ్చి పోయాడు’ అన్నప్పుడు పత్రికలు ‘గుండెపోటు’ అని రాసే దానినే జనం చెబుతున్నారు. కనుక ఆ ప్రశ్న విన్న మనిషి, తనను ఎవరూ ఆసుపత్రిలో చేర్చలేదు గనుక, తాను బతికే ఉన్నాడు గనుక, నిజాయితీగా ‘లేదండీ’ అంటాడు. చెరువుగట్టు ఎక్కినప్పుడల్లా ఛాతీ పట్టేసి అతడు రెండు నిమిషాలు ఆగుతున్న సంగతి ఆ జవాబులోకి రాదు. అడిగింది అది కాదు మరి.

ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ‘వేదన’ పాఠం దూరంగా ఉండి తప్పింది, ‘గుండెనొప్పి’ పాఠం మరీ దగ్గరగా వచ్చి తప్పింది. మొదటిదానిలో తప్పు జరిగినట్టు కొంతైనా పట్టుబడుతుంది: విన్నవారు మొహం చిట్లిస్తారు, ‘ఏందమ్మా?’ అని మళ్లీ అడుగుతారు, ప్రశ్న అడిగే అమ్మాయి తన మాటల్లో విడమరచి చెబుతుంది. రెండవదానిలో ఆ సూచన కూడా ఉండదు. ప్రశ్న సులువుగా అర్థమవుతుంది, జవాబు వెంటనే వస్తుంది, ఇద్దరూ తృప్తిపడతారు. పలకడానికి సహజంగా ఉన్న ప్రతి మాటా అడగదలచినదాన్నే అడుగుతుందనే నమ్మకం వ్యావహారిక వాదులలో ఎలా స్థిరపడిందో గాని, దానికి ఆధారం లేదు.

వాడుక అంటే ఎవరి వాడుక అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. ‘నొప్పి’కి మూలమైన క్రియ ‘నొచ్చు’. తెలంగాణలో తలకాయ నొస్తుంది, కడుపు నొస్తుంది, రాయలసీమలోనూ నొస్తుంది. అక్కడ అది శరీరానికి సంబంధించిన నిత్యక్రియ. కోస్తా జిల్లాల శిష్టభాషలో మాత్రం తల నొప్పెడుతుంది లేదా నొప్పిగా ఉంటుంది. ‘నొచ్చుకోవడం’ మనసు చేసే పని: మాట పడలేక నొచ్చుకున్నాడు. అంటే ఒకే ధాతువు ఒకచోట ఒంటిలో నిలిచి, మరొకచోట మనసులోకి జరిగింది. వాడుక భాష పేరుతో కోస్తా పత్రికాభాషను మూడు ప్రాంతాలకూ పంపడం, గ్రంథాలయంలోని గ్రాంథికం స్థానంలో పత్రికా కార్యాలయంలోని గ్రాంథికాన్ని ప్రతిష్ఠించడమే.

అసలు చిక్కు ఇంకా లోపల ఉన్నది. ఇంగ్లీషు ఒక నామపదాన్ని నిలబెట్టి, దాని రకాలను విశేషణాలతో చెప్పుకుంటుంది. 1975లో మెల్జాక్ ప్రకటించిన మెక్‌గిల్ ప్రశ్నావళిలో ఇటువంటి వర్ణన పదాలు 78 ఉన్నాయి, 20 గుంపులుగా. తెలుగు మనిషి సాధారణంగా ఆ దారిన వెళ్లడు. అతనికి పెయిన్ ఒక వస్తువు కాదు, ఒక అవయవం చేసే పని. పన్ను సలుపుతుంది. కాళ్లు పీకుతాయి, లాగుతాయి, గుంజుతాయి. కడుపు మెలిపెడుతుంది. కళ్లు మండుతాయి. మెడ పట్టేస్తుంది. ఇంత క్రియాసంపద ఉన్న భాషలో ‘పెయిన్’కు సమానమైన నామపదం ఏదని తగవులాడుకోవడం, నామపదం ఉండి తీరాలన్న ఇంగ్లీషు షరతును ప్రశ్నించకుండా ఒప్పుకోవడమే. ‘వేదన’ పక్షమూ ‘గుండెనొప్పి’ పక్షమూ ఆ షరతుకు సమానంగా తల ఒగ్గాయి.

ఈ విషయంలో వైద్య చరిత్ర తెలుగు క్రియల పక్షాన సాక్ష్యం చెబుతుంది. ఈ జబ్బును 1772లో వర్ణించి దానికి పేరు పెట్టిన ఇంగ్లీషు వైద్యులు విలియం హెబర్డెన్, గొంతు నులిమినట్టు ఉండడం అనే అర్థమిచ్చే లాటిన్ మూలం గల ‘ఆంజైనా’ పదాన్నే ఎంచుకున్నారు. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామంది తమకు ‘పెయిన్’ ఏమీ లేదని, బిగింపో బరువో ఉన్నదని చెబుతారన్నది వైద్య విద్యార్థులకు నేటికీ బోధించే పాఠం. రోజ్ కూడా ఈ సంగతి ఎరిగినవారే. ‘పెయిన్’ లేదన్నవారిని ఛాతీ మీద ఒత్తిడి గానీ బరువు గానీ తెలిసిందా అని మరొకమారు అడిగే ఏర్పాటు ఆ ప్రశ్నావళిలో ఉన్నది. ‘ఛాతీ పట్టేసింది’ అనే మన మాట హెబర్డెన్ గమనించిన దానికి ‘వేదన’ కన్నా ఎంతో సమీపంలో ఉన్నది. ఆ సమీపత యాదృచ్ఛికం కాదు. ఇద్దరూ ఒకే శరీరాన్ని గమనించి చెప్పినవారు.

మరి ఇన్ని దోషాలున్న పాఠాలు పరీక్షలో ఎలా నెగ్గుతున్నాయి? 1970లో బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చిన తిరుగు అనువాద పద్ధతిని ఇక్కడ తప్పుపట్టక తప్పదు. తెలుగు పాఠాన్ని, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి పెట్టించి, రెండు ఇంగ్లీషు పాఠాలనూ పోల్చడం దాని విధానం. ‘ఛాతీలో వేదన’ తిరిగి ఇంగ్లీషులోకి వెళ్తే అక్షరం పొల్లుపోకుండా ‘ఛాతీలో పెయిన్’ అవుతుంది. పుస్తక పదానికి నిఘంటువులో ఒకే దారి ఉన్నది; వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. ‘ఛాతీ పట్టేసినట్టు అనిపించిందా’ అన్న పాఠం మాత్రం తిరుగు ప్రయాణంలో మరో మాటై వస్తుంది. పరీక్షకుడు దాని కింద ఎర్రగీత గీస్తాడు. అంటే ఈ పద్ధతి జనానికి అందని పాఠానికి మార్కులిచ్చి, అందే పాఠాన్ని తప్పిస్తున్నది. అది కొలిచేది ఇద్దరు చదువుకున్న ద్విభాషా పండితుల మధ్య ఒప్పందాన్ని. మూడవ మనిషి, ప్రశ్న ఎవరి కోసం రాశారో ఆ మనిషి, ఆ గదిలోనే లేడు.

ప్రామాణికత వాదులు ఇక్కడ ఒక సహేతుకమైన ఆక్షేపణ తెస్తారు. ప్రతి జిల్లాకూ ఒక పాఠం రాస్తే ఫలితాలను ఒకదానితో ఒకటి ఎలా పోలుస్తారు? అందరికీ అర్థమయ్యే ఒకే మాట, అది కాస్త పుస్తకపు వాసన కొట్టినా, మేలు కాదా? ఆక్షేపణ మంచిదే గాని, పోలిక ఎక్కడ నిలవాలో అది మరచిపోయింది. రెండు ఊళ్లలో ఒకే అక్షరాలు చదివి వినిపించడం సమానత్వం కాదు. ఒకే అనుభవం ఉన్న ఇద్దరు ఒకే జవాబు ఇవ్వగలగడం సమానత్వం. ‘వేదన’ అన్ని జిల్లాలలో ఒకే మాట, నిజమే. అన్ని జిల్లాలలో ఒకే విధంగా తప్పుతుందన్న హామీ కూడా లేదు. చదువుకున్నవారికి అంది, చదువులేనివారికి అందకపోతే, గుండె జబ్బు చదువుకున్నవారికే ఎక్కువ అని లెక్క తేలుతుంది.

అయితే ఏ మాట ఎంచాలి? ఎంపికకు ముందు అడగవలసినది ఈ పదం పుస్తకానిదా, వాడుకదా అని కాదు. ఈ స్థానంలో మాట తప్పితే ఎటువైపు తప్పుతుంది, ఆ తప్పు తరువాత దిద్దుకునే వీలున్నదా అని. రోజ్ వరుసలో మొదటి ప్రశ్నకు అనవసరంగా ‘అవును’ అన్నవారిని తరువాతి ప్రశ్నలు వడగడతాయి: శ్రమతో రాకపోతే, ఆగితే తగ్గకపోతే వారు తప్పుకుంటారు. పొరపాటున ‘లేదు’ అన్నవారిని వెనక్కి పిలిచే ప్రశ్న తరువాత ఏదీ లేదు. కాబట్టి ఈ చోట విశాలమైన పదజాలమే సరైనది. ఆ లెక్కన ప్రశ్న ఇలా ఉండవచ్చు. అడిగేవారు తమ చేతిని గొంతు కింది నుంచి పక్కటెముకల చివరి దాకా, ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిపి చూపుతూ: “ఈ భాగంలో ఎప్పుడైనా నొప్పి పుట్టిందా?” లేదంటే వెంటనే: “నొప్పి కాకపోయినా, పట్టేసినట్టు గానీ, బిగించినట్టు గానీ, బరువు పెట్టినట్టు గానీ ఎప్పుడైనా అనిపించిందా?” తెలంగాణ, రాయలసీమ పాఠాలలో మొదటి వాక్యం “ఎప్పుడన్న నొచ్చిందా?” అవుతుంది.

ఇందులోని ప్రతి నిర్ణయానికీ కారణం ఉన్నది. ‘గుండె’ అన్న మాట ఎక్కడా రాలేదు. అది వస్తే ప్రశ్న జబ్బు పేరైపోతుంది. ‘రొమ్ము’ అనడానికీ వీలులేదు. రొమ్ము క్యాన్సర్ ప్రచారం తరువాత ఆడవారి విషయంలో ఆ మాట అర్థం ఒకవైపే నిలిచిపోయింది. ‘ఛాతీ’ చాలామందికి తెలుసు గాని ఎంతమేర ఛాతీయో తెలియదు. అందుకే మాటకు బదులు చెయ్యి. ఆ చెయ్యి ఎడమ వైపున మాత్రమే ఆగరాదు; ఎక్కడ వచ్చిందో చూపమని అడిగే ప్రశ్న తరువాత ఉన్నది కనుక, ముందే చూపితే జవాబు అందించినట్టవుతుంది. ‘మంట’ను చేర్చలేదు. చేరిస్తే కారం తిన్న ప్రతివారూ ‘అవును’ అంటారు. తరువాతి ప్రశ్నలు వారిని వడగట్టగలవు గాని, అడిగేవారి ఓపికకూ హద్దున్నది. ఇది నూటికి నూరుపాళ్లు నికరమైన పాఠమని చెప్పడానికి లేదు. ఛాతీ పట్టేయడాన్ని కేవలం ‘గ్యాసు’ అని చెప్పుకునేవారు దీనికి కూడా దొరకకపోవచ్చు. కూలిపనికి వెళ్లేవారు ‘ఆయాసం’ అన్నప్పుడు ఊపిరి అందకపోవడాన్ని చెబుతున్నారో, ఈ బిగింపునే చెబుతున్నారో విడదీయడానికి వేరే ప్రశ్న కావాలి.

పాఠం పనిచేస్తున్నదో లేదో తెలుసుకునే మార్గం కూడా ఖరీదైనది కాదు. ప్రశ్న చదివి వినిపించి, జవాబు తీసుకునే ముందు, ‘నేను ఏం అడిగానో మీ మాటల్లో చెప్పండి’ అనాలి. వైద్యులు ఇదివరకే ఆంజైనా ఉన్నదని తేల్చిన కొద్దిమందిని ఆ వరుసలో కూర్చోబెట్టాలి. వారిలో ఒకరు ‘లేదు’ అంటే తప్పు వారిది కాదు, మాటది. ఏ మాట వల్ల తప్పిందో వారినే అడిగితే వారు ఆ అనుభవాన్ని ఏ క్రియతో చెబుతున్నారో బయటపడుతుంది.

ఈ పని వైద్యులది, తెలుగు శాఖలది కాదని తప్పించుకునే వీలు లేదు. పరిశోధనలో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే సమాచారం చెప్పి సమ్మతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు అంటున్నాయి. అటువంటి పత్రాలు, ప్రశ్నావళులు సరిచూడడానికి తెలుగు అధ్యాపకుల దగ్గరకు వస్తుంటాయి. ‘భాషాదోషాలు లేవు’ అని సంతకం పెట్టి ఇవ్వడం సులువు. నిజంగా ‘ఛాతీ భాగంలో వేదన’లో భాషాదోషం లేదు, ‘గుండెనొప్పి’లోనూ లేదు. ధ్రువపత్రంలో ఉండవలసినవి వేరు: పాఠాన్ని ఏ ప్రాంతంలో, ఏ చదువు గలవారికి చదివి వినిపించారు, వారు దాన్ని ఏ మాటలలో తిరిగి చెప్పారు. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం, నాగలి భాగాలకు జిల్లావారీగా పేర్లు సేకరించే పద్ధతిని ఈ భాషకు నేర్పింది. నాగలికి చేసిన ఆ పనిని సలపడానికీ, గుంజడానికీ, పట్టేయడానికీ చేయడానికి కావలసినవి ఊళ్లకు వెళ్లే విద్యార్థులు, ఒక పటం, చేతితో చూపించడానికి ఒక శరీరం.